బిల్లు చిన్నదే, బండి ఆగింది

2011 మార్చి 11న భూకంపం, సునామీ జపాన్ ఈశాన్య తీరాన్ని ఊడ్చేశాయి. ఆ తర్వాత కొద్దిరోజులకే అమెరికాలో ఫోర్డ్ కంపెనీ తన డీలర్లకు ఓ వింత కబురు పంపింది. టక్సీడో బ్లాక్ అనే నలుపు రంగు బండ్లకు ఇక ఆర్డర్లు తీసుకోవద్దని, కొన్ని ఎరుపు ఛాయలు కూడా తగ్గించుకోమని దాని సారాంశం. క్రైస్లర్ కూడా కొన్ని రంగులకు ఇలాగే కళ్ళెం వేసింది. ఇంజన్లు ఉన్నాయి, టైర్లు ఉన్నాయి, ఉక్కు ఉంది. లేనిదల్లా పెయింటులో తళుక్కుమనే మెరుపు ఒక్కటే.

ఆ మెరుపు పేరు జిరాలిక్. అల్యూమినియం ఆక్సైడ్ పలుకుల మీద మరో లోహపు ఆక్సైడ్ పూత పట్టించి చేసే పిగ్మెంట్ అది. అప్పట్లో జర్మనీకి చెందిన మెర్క్ కంపెనీ దాన్ని తయారుచేసేది. అయితే ఆ రోజుల్లో అది ప్రపంచం మొత్తం మీద ఒకే ఒక్క చోట తయారయ్యేది. ఆ చోటు ఫుకుషిమా ప్రాంతంలోని ఒనహామా. భూకంపంతో ఆగిన ఆ ఫ్యాక్టరీ మళ్ళీ మే నెలలో గానీ నడవలేదు. ఆ తర్వాత మెర్క్ జర్మనీలోని గెర్న్స్‌హైమ్‌లో రెండో లైను పెట్టుకుంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. కార్ల కంపెనీలు ఆ పిగ్మెంటును నేరుగా కొనవు. అవి పెయింటు కంపెనీల దగ్గర పెయింటు కొంటాయి. పెయింటు కంపెనీలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. అంటే కొనేవాడి పుస్తకాల్లో చూస్తే ఆ సరుకుకు ఇద్దరు ముగ్గురు సరఫరాదారులు ఉన్నట్టే. కానీ వాళ్ళందరి డబ్బాల్లో ఉన్న మెరుపు మాత్రం ఒకే కప్పు కింద నుంచి వచ్చింది.

మన దగ్గర ఏ ఫ్యాక్టరీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌కు వెళ్ళినా కొనుగోళ్ళను ఏ, బీ, సీ అని మూడు వర్గాలుగా విడదీసి పెట్టుకుంటారు. ఎక్కువ డబ్బు పోయే సరుకులు ఏ వర్గం, తక్కువ డబ్బు పోయేవి సీ వర్గం. మేనేజరు చూపంతా ఏ మీదే ఉంటుంది, సీ సరుకుల్ని కింది గుమాస్తాకు వదిలేస్తారు. ఆ లెక్కన జిరాలిక్ సీ వర్గంలో కూడా చివరి వరసలో ఉంటుంది. కారు ధరలో దాని వంతు ఎంతో చెప్పడానికి కూడా మొహమాటపడాలి. అయినా బండి ఆగింది దాని దగ్గరే.

ఈ లోపాన్ని పట్టుకుని సరిదిద్దినవాడు పీటర్ క్రాల్జిక్. మెకిన్సీ సలహా సంస్థ డ్యూసెల్‌డార్ఫ్ కార్యాలయంలో డైరెక్టరుగా పనిచేసేవాడు. 1973లోను, 1979లోను చమురు ధరలు యూరప్ పరిశ్రమల నడుం విరిచిన అనుభవం అప్పటికి ఇంకా పచ్చిగానే ఉంది. కొనుగోలు అంటే కొటేషన్లు పిలిచి తక్కువకు ఇచ్చేవాడికి ఆర్డరు ఇవ్వడమేనన్న అలవాటు ఇక చెల్లదని, కొనేవాళ్ళు మొత్తం సరఫరా గురించే ఆలోచించాలని వాదిస్తూ 1983 సెప్టెంబరు–అక్టోబరు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వ్యాసం రాశాడు. అందులో ఆయన గీసిన నాలుగు గదుల పట్టికనే ఇవాళ క్రాల్జిక్ మ్యాట్రిక్స్ అంటున్నారు.

ఆయన చేసిందల్లా ఎంత ఖర్చు అన్న పాత ప్రశ్న పక్కన ఇంకో ప్రశ్న నిలబెట్టడం. ఈ సరుకు దొరకడం ఎంత కష్టం? మొదటి ప్రశ్న ఒక గీత, రెండోది దానికి అడ్డంగా ఇంకో గీత. రెండూ కలిస్తే నాలుగు గదులు. డబ్బు ఎక్కువ, దొరకడమూ కష్టం అయితే అది వ్యూహాత్మక సరుకు. డబ్బు ఎక్కువే గానీ అమ్మేవాళ్ళు బోలెడంతమంది ఉంటే, అక్కడ పైచేయి మనది. దాన్ని లెవరేజ్ సరుకు అంటారు. డబ్బు తక్కువ, దొరకడం కష్టమైతే బాటిల్‌నెక్. డబ్బూ తక్కువే, దొరకడమూ తేలికే అయితే మామూలు, అంటే రొటీన్ సరుకు.

పెళ్ళి చేసినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. విస్తళ్ళు ఏ కొట్లోనైనా దొరుకుతాయి. బంగారం ఖర్చు ఎక్కువే, కానీ నాలుగు కొట్లు తిరిగి మజూరీ దగ్గర బేరమాడొచ్చు. మంచి ముహూర్తాల సీజన్‌లో సన్నాయి మేళం మాత్రం దొరకదు. వాళ్ళకిచ్చే డబ్బు భోజనాల ఖర్చులో ఓ మూలకు కూడా రాదు. అయినా పెద్దలు ముందు అడ్వాన్సు ఇచ్చేది వాళ్ళకే.

గదులు గీయడం తేలిక. ఏ సరుకును ఏ గదిలో పెట్టాలన్న దగ్గరే తగాదాలు వస్తాయి. అందుకని ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిపిద్దాం. హైదరాబాదు చుట్టుపక్కల మందుల కంపెనీలకు కొదవలేదు కాబట్టి, అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ మాత్రమే చేసే ఓ మధ్యరకం యూనిట్‌ను ఊహించుకుందాం. అంకెలు నేను లెక్క కోసం పెట్టుకున్నవే, ఏ కంపెనీవీ కావు. అమ్మకాలు ఏడాదికి 90 కోట్లు, కొనుగోళ్ళు 60 కోట్లు. మిగిలిన 30 కోట్లలోంచి జీతాలు, కరెంటు, వడ్డీలు పోగా లాభం 6 కోట్లు.

ఆ 60 కోట్లలో 36 కోట్లు ఒక్క అమాక్సిసిలిన్ ట్రైహైడ్రేట్ పొడికే పోతాయి. అసలు మందు అదే. ఖాళీ క్యాప్సూళ్ళు, మందు బిళ్ళల స్ట్రిప్‌కు వాడే పీవీసీ ఫిల్ము, అల్యూమినియం ఫాయిలు, అట్టపెట్టెలు అన్నీ కలిపి 18 కోట్లు. మిగతా 6 కోట్లలో చేతి తొడుగుల నుంచి మెషిన్ విడిభాగాల దాకా, ల్యాబు రసాయనాల నుంచి ప్రింటరు కాగితం దాకా కొన్ని వందల రకాలుంటాయి.

డబ్బు వైపు గీతను కొలవడానికి ఖర్చు మొత్తం ఒక్కటే చూస్తే చాలదు. ఈ సరుకు ధర 10 శాతం పెరిగితే మన లాభం ఏమవుతుందని అడగాలి. మందు పొడి 10 శాతం పెరిగితే 3 కోట్ల 60 లక్షలు. 6 కోట్ల లాభంలో సగానికి పైగా కరిగిపోయింది. ప్రింటరు కాగితం రెట్టింపైనా ఎవరికీ తెలియదు.

దొరకడం వైపు గీతను కొలవడానికి చాలా కంపెనీలు పదో పదిహేనో ప్రశ్నల జాబితా పెట్టుకుని మార్కులు వేస్తాయి. నాకు వాటన్నిటికంటే ఒక్క ప్రశ్న మీదే ఎక్కువ గురి. ఇప్పుడు ఇస్తున్నవాడు రేపు ఫోనెత్తకపోతే, వేరేవాడి సరుకు మన మెషిన్ మీదకు ఎక్కడానికి ఎన్ని వారాలు పడుతుంది? అట్టపెట్టెకైతే రెండు వారాలు చాలు. మందు పొడికి అలా కుదరదు. కొత్త తయారీదారును ఆడిట్ చేయాలి, వాళ్ళ పొడితో సాధారణంగా మూడు బ్యాచ్‌లు చేసి చూడాలి, ఆ క్యాప్సూళ్ళను 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి చెడకుండా నిలుస్తున్నాయో లేదో పరీక్షించాలి. ఎగుమతి చేస్తున్నట్టయితే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థకు కాగితాలు పెట్టి ఒప్పించాలి. బజారులో పాతికమంది అమ్మేవాళ్ళున్నా, మనకు అనుమతి ఉన్నది ఇద్దరి దగ్గరే అయితే మనకు ఆ ఇద్దరే ఉన్నట్టు.

పైగా ఆ ఇద్దరూ నిజంగా ఇద్దరేనా అన్నది చూసుకోవాలి. అమాక్సిసిలిన్ పుట్టేది పెన్సిలిన్-జి నుంచి. పెన్సిలిన్-జిలోంచి 6-ఏపీఏ అనే మధ్య రసాయనం తీస్తారు, దానిలోంచి అమాక్సిసిలిన్ చేస్తారు. మన దేశంలో పొడి తయారుచేసేవాళ్ళు ఉన్నా, ఆ ముందు మెట్ల సరుకు చాలాకాలంగా ప్రధానంగా చైనా నుంచే వస్తోంది. కాబట్టి మన ఇద్దరు సరఫరాదారులూ ఒకే చైనా ఫ్యాక్టరీ దగ్గర 6-ఏపీఏ కొంటూ ఉండొచ్చు. జిరాలిక్ కథలో పెయింటు కంపెనీల సంగతి ఇలాంటిదే. దీన్ని కనిపెట్టడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆడిట్‌కు వెళ్ళినప్పుడు వాళ్ళ ముడిసరుకు గోదాములో డ్రమ్ముల మీద లేబుళ్ళు చదివితే సగం సంగతి తెలిసిపోతుంది.

ఇప్పుడు మొదటి గది. మందు పొడి వ్యూహాత్మక సరుకు అనడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. వ్యూహాత్మక సరుకు అనగానే ఏ పాఠ్యపుస్తకం తెరిచినా భాగస్వామ్యం అని రాసి ఉంటుంది. సరఫరాదారుతో దీర్ఘకాలపు ఒప్పందం చేసుకో, కలిసి ఎదుగు అని. వినడానికి బాగుంటుంది గానీ, అవతలివాడికి ఆ కోరిక ఉందో లేదో ఎవరూ అడగరు. మన 36 కోట్లు మనకు కొండ. వేలకోట్ల వ్యాపారం చేసే పొడి తయారీదారుకు అది చిల్లర. కొరత వచ్చిన నెలలో వాడు ముందు ఎవరికి లారీ పంపుతాడో ఊహించడం కష్టం కాదు.

క్రాల్జిక్ స్వయంగా ఈ సంగతి మర్చిపోలేదు. నాలుగు గదుల పట్టిక ఆయన పద్ధతిలో మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత సరఫరా మార్కెట్‌ను చదవమన్నాడు. వ్యూహాత్మక సరుకులకు మన బలం ఎంత, సరఫరాదారు బలం ఎంత అని ఇంకో పట్టికలో తూచమన్నాడు. మన బలం ఎక్కువైతే దాన్ని వాడుకో, సమంగా ఉంటే సంయమనంతో నడువు, అవతలివాడి బలం ఎక్కువైతే వేరే దారులు వెతుక్కో అని మూడు తీర్పులు చెప్పాడు. ఈ రెండో పట్టిక చాలామంది శిక్షణ తరగతుల్లో జారిపోయింది. జనం గుర్తుపెట్టుకున్నది నాలుగు గదులనే.

మన యూనిట్ విషయంలో తీర్పు మూడోదే. కాబట్టి చేయాల్సిన పనులు కూడా భాగస్వామ్యపు ఫొటోలు దిగడం లాంటివి కావు. మూడో తయారీదారును, 6-ఏపీఏ వేరే చోట నుంచి తెచ్చుకునేవాణ్ణి, అవసరం రాకముందే అనుమతి చేయించుకుని ఉంచుకోవాలి. అతనికి ఏటా కొంత ఆర్డరు నిజంగా ఇవ్వాలి. కాగితం మీద మాత్రమే ఉన్న సరఫరాదారు కొరతలో పలకడు. ధరను 6-ఏపీఏ ధరకు ముడిపెట్టి మూడు నెలలకోసారి సవరించే ఒప్పందం రాసుకుంటే, పెరిగినప్పుడు వాడు సరుకు ఎగ్గొట్టడు, తగ్గినప్పుడు మనం గొణుక్కోం. ఇక నిల్వ. రెండు నెలల పొడి అంటే 6 కోట్లు. 10 శాతం వడ్డీ చొప్పున ఏడాదికి 60 లక్షలు ఖర్చు. ఇది చిన్న మొత్తం కాదు. 6 కోట్ల లాభంలో పదో వంతు. అందుకే రెండు నెలలా, నెలా అన్నది పర్చేజ్ మేనేజరు ఒక్కడు తేల్చే విషయం కాదు, యజమాని కూర్చుని తేల్చాల్సిందే.

అలాగని ఈ సరుకు గది శాశ్వతం అనుకోకూడదు. 2020లో కేంద్రం మందుల ముడిసరుకులు దేశంలోనే తయారుచేయించడానికి 6,940 కోట్లతో ప్రోత్సాహక పథకం పెట్టింది. దాని కింద అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ప్లాంటు కట్టింది, 2024లో అది నడక మొదలుపెట్టింది. ఇలాంటి ప్లాంటు నిలదొక్కుకుంటే మన యూనిట్ పట్టికలో పొడి కొంచెం కిందికి జరుగుతుంది. చైనావాళ్ళు ధర పడగొట్టి దాన్ని ఇబ్బంది పెడితే మళ్ళీ పైకి జరుగుతుంది. పట్టికను ఒకసారి గీసి గోడకు తగిలిస్తే ఇలాంటివి కనపడవు.

లెవరేజ్ గదిలో ఎక్కువసేపు ఆగక్కర్లేదు, ఎందుకంటే మనవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య అక్కడే పనికొస్తుంది. ఫిల్ము, ఫాయిలు, అట్టపెట్టెలు అమ్మేవాళ్ళు చాలామంది. ఏడాది అవసరాన్ని ఒక్కచోట కలిపి, ముగ్గురు నలుగురిని పోటీకి దింపి, ఆన్‌లైన్ రివర్స్ వేలం పెడితే ధర దిగుతుంది. 18 కోట్ల మీద 4 శాతం తగ్గినా 72 లక్షలు. పైన చెప్పిన పొడి నిల్వ ఖర్చు ఇక్కడే వచ్చేసింది. జాగ్రత్తపడాల్సింది ఒక్కటే. ముద్రించిన ఫాయిలు మీద మందు పేరు ఉంటుంది, దానికి సిలిండర్లు చేయించాలి, ముద్రణలో ఒక్క అక్షరం తేడా వచ్చినా సరుకు వెనక్కి రప్పించుకోవాలి. ముద్రించని ఫాయిలు లెవరేజ్, ముద్రించినది అంత స్వేచ్ఛగా మార్చగలిగింది కాదు. ఒకే సరుకు పేరు కింద రెండు గదుల సరుకులు దాక్కుని ఉంటాయి.

రొటీన్ గదిలో మాత్రం బేరం మీదకు మనసు పోకూడదు. చేతి తొడుగులు, టోపీలు, ఫినాయిల్, పెన్నులు, నట్లు బోల్టులు కలిపి ఏడాదికి కోటిన్నర అనుకుందాం. గట్టిగా బేరమాడి 5 శాతం తగ్గించినా 7 లక్షల 50 వేలు. కానీ ఈ కోటిన్నర కొనడానికి ఏడాదికి 3,000 ఆర్డర్లు రాశారు. ఒక్కో ఆర్డరుకు ఇండెంటు, మూడు కొటేషన్లు, సంతకాలు, సరుకు దింపుకోవడం, బిల్లు పాస్ చేయడం అన్నీ కలిపి 600 రూపాయల మనిషి పని పట్టిందంటే 18 లక్షలు. వస్తువు మీద మిగిలేదాని కంటే రెట్టింపుకు పైగా ఆ వస్తువు కొనే పనిలోనే పోతోంది. ఇద్దరు సరఫరాదారులతో ఏడాదికి రేటు కాంట్రాక్టు రాసుకుని, నెలకోసారి వాళ్ళే వచ్చి స్టోర్స్ బీరువా నింపి, నెలకు ఒకే బిల్లు ఇచ్చేలా చేస్తే ఆ 18 లక్షల్లో చాలా భాగం మిగులుతుంది. తొడుగు మీద పది పైసలు ఎక్కువ పడిందని ఆడిటరు అడిగితే ఈ లెక్క చూపించాలి.

ఇక బాటిల్‌నెక్ గది. నా దృష్టిలో క్రాల్జిక్ పట్టికకు అసలు విలువ ఈ గదే. మిగతా మూడింట్లో చేయాల్సింది అనుభవం ఉన్న కొనుగోలుదారుకు ఎంతో కొంత తోస్తుంది. ఇక్కడ మాత్రం బిల్లు చిన్నది కావడంతో కళ్ళు పడవు.

మన యూనిట్‌లో క్యాప్సూళ్ళు నింపే మెషిన్లు రెండున్నాయి. ఒక్కోటి సగం ఉత్పత్తి ఇస్తుంది. పొడిని కొలిచి, నొక్కి, బిళ్ళలా చేసి క్యాప్సూల్‌లో వేసే పని డోసింగ్ డిస్కు, దాని పిన్నులు చేస్తాయి. అవి ఆ మెషిన్ తయారుచేసిన విదేశీ కంపెనీ దగ్గర మాత్రమే దొరుకుతాయి. సెట్టు 2 లక్షల 50 వేలు, ఆర్డరు పెట్టాక రావడానికి 10 వారాలు. ఎవరో పిన్ను సరిగ్గా బిగించక డిస్కు గీసుకుపోయి, పూర్తిగా పనికిరాకుండా పోయిందనుకుందాం.

30 కోట్లను 300 పనిరోజులకు పంచితే రోజుకు 10 లక్షలు. ఒక మెషిన్ ఆగితే 5 లక్షలు. 10 వారాలంటే 60 పనిరోజులు, 3 కోట్లు. రెండో మెషిన్‌ను రాత్రి షిఫ్టులో నడిపి, డిస్కును విమానంలో తెప్పించి ఆ నష్టాన్ని సగానికి తగ్గించినా కోటిన్నర. మరో పక్క, స్పేర్ డిస్కు ఒకటి కొని బీరువాలో పెడితే ఏడాదికి 12 శాతం చొప్పున అయ్యే ఖర్చు 30 వేలు. డిస్కు పాడయ్యే అవకాశం యాభై ఏళ్ళకోసారే అనుకున్నా, కోటిన్నరలో యాభయ్యో వంతు 3 లక్షలు. 30 వేలతో 3 లక్షల ముప్పు తప్పుతుంటే ఇందులో ఆలోచించడానికేముంది?

ఆలోచించేది ఒకటుంది మరి. స్టోర్స్ గదుల్లో ఇలాంటి సంభాషణ ఏ పారిశ్రామికవాడలోనైనా వినపడుతుంది.

"సార్, డిస్కు స్పేర్ ఒకటి తెప్పిద్దామని పోయినేడాదే ఇండెంటు పెట్టాను."

"తెలుసయ్యా. రెండేళ్ళు కదలకపోతే నాన్-మూవింగ్ స్టాకని ఆడిట్‌లో రాస్తారు. అప్పుడు జవాబు చెప్పేది నేనే కదా."

ఇద్దరూ తెలివైనవాళ్ళే. కదలని సరుకును తప్పుగా లెక్కించే పద్ధతి ఒకటి వాళ్ళ నెత్తిన ఉంది. కదలకపోవడమే ఆ డిస్కు ఉద్యోగం. బాటిల్‌నెక్ సరుకులకు స్టోర్స్ రిజిస్టరులో వేరే గుర్తు పెట్టి, నాన్-మూవింగ్ లెక్క నుంచి తప్పిస్తే తప్ప ఈ గదికి చెప్పిన మందు పనిచేయదు. యాజమాన్యం చేయాల్సిన మొదటి పని అది.

నిల్వ ఒక దారి. ఇంకో దారి సరుకును ఆ గదిలోంచే బయటికి తీసుకురావడం. దీనికి మెగ్నీషియం స్టియరేట్ మంచి ఉదాహరణ. పొడి మెషిన్‌కు అంటుకోకుండా జారడానికి వేసే తెల్లటి మెత్తని పదార్థం అది. మిశ్రమంలో ఒక శాతం ఉంటుంది. ఏడాదికి ఒకటిన్నర టన్ను, 4 లక్షలు కూడా దాటదు. దేశంలో దాన్ని చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. అయినా మన యూనిట్‌లో అది బాటిల్‌నెక్. ఎందుకంటే ఉత్పత్తి మొదలుపెట్టిన రోజుల్లో ఒకే తయారీదారు గ్రేడును పరీక్షించి ఫైల్లో రాశారు. ఆ తర్వాత ఇంకొకర్ని పరీక్షించే తీరిక ఎవరికీ కలగలేదు. ఏది పడితే అది వేయడానికి లేదు. రేణువుల మెత్తదనం మారితే క్యాప్సూల్ కడుపులో కరిగే వేగం మారుతుంది. జంతువుల కొవ్వు నుంచి తీసిందా, నూనెగింజల నుంచి తీసిందా అన్నదానికి కూడా ధ్రువపత్రం కావాలి.

ఇక్కడ కొరతను సృష్టించింది బజారు కాదు, మన ఫైలు. ఇలాంటి సొంత కొరతలు బాటిల్‌నెక్ గదిలో నేననుకున్నదాని కంటే ఎక్కువే కనిపిస్తుంటాయి. డిజైన్ ఇంజనీరు డ్రాయింగులో ఒక బ్రాండ్ పేరు రాసేయడం, ల్యాబులో ఫలానా కంపెనీ కాలమ్ మాత్రమే వాడాలని పరీక్ష పద్ధతిలో నమోదు చేయడం, అవసరానికి మించిన కొలత పట్టుబట్టడం వల్ల పుట్టేవి ఇవి. వీటికి మందు పర్చేజ్ మేనేజరు బేరంలో లేదు. క్వాలిటీ, ప్రొడక్షన్, పర్చేజ్ ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చుని, ఈ షరతు నిజంగా మందు కోసం పెట్టిందా, అలవాటు కొద్దీ పెట్టిందా అని తేల్చుకోవాలి. మెగ్నీషియం స్టియరేట్‌కు రెండో తయారీదారును అనుమతి చేయించడానికి మూడు బ్యాచ్‌లు, ఆరు నెలల పరీక్షలు, కాగితాలు కలిపి ఓ 5 లక్షలు, ఎనిమిది నెలలు పడతాయనుకుందాం. ఏడాది కొనుగోలు కంటే ఎక్కువ ఖర్చు. ఆదా లెక్క వేస్తే దండగే. కానీ దాంతో ఆ సరుకు రొటీన్ గదిలోకి జారిపోతుంది, దాని కోసం ఇంకెవరూ నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

డిస్కు విషయంలో ఈ దారి అంత సులువు కాదు. మన దేశంలో డ్రాయింగు చూసి చేసిచ్చే వర్క్‌షాపులున్నాయి, కొందరు బాగానే చేస్తారు. కానీ బరువులో తేడా వస్తే బ్యాచ్ మొత్తం పోతుంది కాబట్టి స్థానిక డిస్కును ముందు ఖాళీ సమయంలో, అమ్మకానికి పోని పొడితో పరీక్షించి చూసుకోవాలి. అది కుదిరేదాకా విదేశీ తయారీదారుతో మర్యాదగా ఉండాలి. ఏడాదికి రెండున్నర లక్షల ఖాతాదారుడిగా బిల్లు 90 రోజులు ఆపి, పైగా ధర తగ్గించమని మెయిళ్ళు పెడితే, నిజంగా డిస్కు విరిగిన రోజున మన మెయిల్ వాళ్ళ వరసలో చివర ఉంటుంది. ఈ గదిలో బిల్లు సకాలంలో కట్టడమే పెద్ద వ్యూహం.

ఈ పట్టిక గీసేటప్పుడు మామూలుగా దొర్లే పొరపాట్లు రెండు. ఒకటి, గదుల మధ్య గీతలు ఎక్కడ పడాలో క్రాల్జిక్ చెప్పలేదు, చెప్పగలిగింది కూడా కాదు. గీతకు అటూ ఇటూ ఉన్న సరుకుల మీద గంటలు గంటలు వాదించుకోవడం కంటే, పొరపాటున కింది గదిలో పెడితే ఎంత నష్టమో చూసి పై గదిలోకి తోసేయడం మేలు. రెండోది, మార్కులు వేసేది పర్చేజ్ వాళ్ళు ఒక్కళ్ళే కావడం. డబ్బు వాళ్ళకు తెలుసు, ప్రమాదం వాళ్ళకు సగమే తెలుసు. ఏ భాగం విరిగితే లైను ఆగుతుందో మెయింటెనెన్స్ ఫిట్టరుకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. గత మూడేళ్ళలో లైను ఆగిన రోజుల రిజిస్టరు తిరగేసి, ఏ సరుకు రాక ఆగిందో రాసుకుంటూ పోతే, బాటిల్‌నెక్ గది దానంతటదే నిండుతుంది. ఆ జాబితాకు ఏ సీ వర్గం సరుకు ఎన్నిసార్లు ఎక్కిందో చూస్తే పాత పద్ధతి ఎక్కడ తప్పిందో కూడా తెలుస్తుంది.

చిక్కంతా చివరికి జీతం పెంపు దగ్గర తేలుతుంది. పర్చేజ్ మనిషిని ఏడాది చివర కొలిచేది ఎంత శాతం ధర తగ్గించావన్న ఒక్క అంకెతోనే అయితే, అతను నాలుగు గదులనూ లెవరేజ్ గదిలాగే నడుపుతాడు. డిస్కు కంపెనీతోనూ బేరమే, తొడుగుల వాడితోనూ బేరమే, పొడి తయారీదారును కూడా ప్రతి నెలా కొత్త కొటేషన్‌తో బెదిరించడమే. అందుకని కొలత గదికొకటి ఉండాలి. లెవరేజ్ గది చూసేవాణ్ణి ధర తగ్గింపుతో, రొటీన్ గది చూసేవాణ్ణి తగ్గిన ఆర్డర్ల సంఖ్యతో, పొడి చూసేవాణ్ణి అనుమతి ఉండి నిజంగా సరుకు ఇస్తున్న వనరుల సంఖ్యతో కొలవాలి. బాటిల్‌నెక్ గది చూసేవాణ్ణి మాత్రం, ఈ ఏడాది ఒకే తయారీదారు మీద ఆధారపడిన సరుకులు ఎన్నింటిని రెండుకు తెచ్చావు, ఎన్నింటిని గదిలోంచి బయటికి పంపావు అని అడగాలి. జనవరిలో ఆ జాబితాలో నలభై పేర్లుంటే డిసెంబరుకు ముప్ఫైకి దిగాయా లేదా అన్నదొక్కటే అతని పరీక్ష.